కంటికి కనబడని కష్టానికి కూలి

నూజివీడులో మామిడితోట, యజమాని హైదరాబాదులో. తోటమాలి మందు కొట్టాడో లేదో ఆయనకు కనబడదు, కాపొక్కటే కనబడుతుంది. శ్రద్ధ పెడితే మంచి కాపుకు 80 శాతం అవకాశం, పెట్టకపోతే 40 శాతం అనుకుందాం. ఆ శ్రమ మాలికి 20,000 రూపాయల బరువు. జీతం 50,000 ఖాయమైతే ఎండలో ఎందుకు తిరుగుతాడు?

మంచి కాపుకు 20,000 బోనస్ ఇస్తే చాలనిపిస్తుంది. చాలదు. శ్రద్ధవల్ల పెరిగే అవకాశం 40 శాతమే కాబట్టి అతనికి అదనంగా దక్కేది సగటున 8,000. బోనస్ కనీసం 50,000 ఉండాలి. అప్పుడు జీతం 30,000కు దించినా, సగటు బోనస్ 40,000 కలిపి శ్రమ తీసేస్తే పాత 50,000 మిగులుతుంది.

చిక్కల్లా పూత మీద పడే వానతోనే. ఒళ్లొంచి పనిచేసినా సగటున ఐదేళ్లకోసారి 30,000తోనే సరిపెట్టుకోవాలి. అప్పులతో నెట్టుకొచ్చేవాడు ఈ బేరానికి ఊరికే ఒప్పుకోడు. ఆ భయానికీ యజమాని ధర కట్టాల్సిందే.