ఒకే స్కోరు, రెండు జబ్బులు

ఆర్చరీలో స్కోరు పుట్టింది గెలిచిందెవరో తేల్చడానికి, తప్పెక్కడుందో చెప్పడానికి కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో బంగారు రంగుకు 9, ఎరుపుకు 7, నీలానికి 5, నలుపుకు 3, తెలుపుకు 1 అని లెక్క కట్టేవారు. 1857లో చెల్టెన్‌హామ్‌లో హొరేస్ ఫోర్డ్ రెండు రోజుల్లో 288 బాణాలు వేసి 1251 పాయింట్లు సాధించాడు. దశాబ్దాల పాటు ఆ రికార్డు గురించే చెప్పుకున్నారు. అయితే ఆ బాణాలు ఎక్కడెక్కడ దిగాయో ఆ ఒక్క అంకెలో లేదు. నాలుగంకెల మొత్తంలోకి చేరగానే ప్రతి బాణం తన చిరునామా పోగొట్టుకుంది.

ఇప్పుడు ఒలింపిక్ దూరం 70 మీటర్లు. గురి కాగితం వ్యాసం 122 సెంటీమీటర్లు, అందులో పది వలయాలు, ఒక్కొక్కటి 6.1 సెంటీమీటర్ల వెడల్పు. పారిస్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ బాణాలు వేసింది ఈ కాగితం మీదే. వలయాలు పెరిగి కొలత సన్నబడింది కానీ పాత లోపం మాత్రం పోలేదు. అదెలాగో చూడటానికి ఒక ఉదాహరణ కట్టుకుందాం.

ఇద్దరు విలుకాళ్లు చెరో 36 బాణాలు వేశారు. ఇద్దరికీ 311 వచ్చింది. మొదటివాడికి పదులు 5, తొమ్మిదులు 16, ఎనిమిదులు 12, ఏడులు 3. రెండోవాడికి పదులు 8, తొమ్మిదులు 13, ఎనిమిదులు 10, ఏడులు 4, ఆరు ఒకటి. కార్డు మాత్రమే చూసే కోచ్ ఇద్దరికీ ‘ఇంకా సాధన చెయ్యండి’ అనే చెబుతాడు. కాస్త గమనించేవాడైతే, మొదటివాడికి పదులూ తక్కువే, దూరం పోయిన బాణాలూ తక్కువే అన్న సంగతి పసిగడతాడు. అంతకంటే ముందుకు వెళ్లాలంటే బాణాలు దిగిన చోట్లు కావాలి.

ఆ చోట్లను లెక్కించే పనిముట్టు విలువిద్యలో పుట్టలేదు. ఎత్తు నుంచి ఒక గుర్తు మీదికి బంతి వదిలితే ఎంత తప్పుతుందో ఆలోచిస్తూ 1850లో జాన్ హెర్షెల్ ఒక వాదన చేశాడు. అడ్డంగా వచ్చే తప్పుకూ నిలువుగా వచ్చే తప్పుకూ సంబంధం లేకపోతే, ఏ దిక్కుకూ ప్రత్యేకత లేకపోతే, తప్పులన్నీ గంట ఆకారపు వక్రరేఖలోనే సర్దుకోవాలి. 1970ల్లో ఇంగ్లండులో డేవిడ్ లేన్ అదే వక్రరేఖతో విలుకాళ్ల హ్యాండిక్యాప్ పట్టికలు కట్టాడు. గ్రూపు ఎంత వెడల్పుంటే ఏ దూరంలో ఎంత స్కోరు రావాలో ఆ పట్టికలు చెబుతాయి. చక్కని పని, కానీ అందులో ఒక షరతు దాగి ఉంది: గ్రూపు నడిబొడ్డు గురి మధ్యలోనే ఉందని అవి ముందే ఒప్పేసుకున్నాయి. నిజానికి చాలామంది గ్రూపులు అలా ఉండవు. ఆ తేడాయే మనకు పనికొస్తుంది.

ప్రతి బాణం గురి మధ్య నుంచి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత దూరంలో దిగిందో రాసుకోవాలి. ఒకప్పుడు కాగితం మీద చుక్కలు పెట్టేవారు, ఇప్పుడు ఫోన్‌లో వేలితో తాకితే చాలు. మన మొదటివాడి 36 చుక్కల సగటు స్థానం 9 సెంటీమీటర్లు ఎడమకు, 4 సెంటీమీటర్లు కిందికి వచ్చింది. 9 వర్గం 81, 4 వర్గం 16, కలిపితే 97. ఇది గ్రూపు పక్కకు జరిగిన లెక్క. ఇక ఒక్కో బాణం గురి మధ్య నుంచి ఉన్న దూరాన్ని వర్గం చేసి సగటు తీస్తే 160 వచ్చింది. 160 లోంచి 97 తీసేస్తే మిగిలిన 63 గ్రూపు చెదురు. సగటు తీసే పద్ధతి వల్లే ఈ తీసివేత ఎప్పుడూ తప్పకుండా సరిపోతుంది, గంట వక్రరేఖ ఉన్నా లేకపోయినా.

రెండోవాడికి ఆ వర్గాల సగటు 173. సగటు స్థానం 1 సెంటీమీటరు కుడికి, 1 సెంటీమీటరు పైకి. అంటే జరుగుడు 2, చెదురు 171.

ఇక వక్రరేఖను రంగంలోకి దింపి, ఏది బాగుచేస్తే ఎంత లాభమో అడగవచ్చు. మొదటివాడు చెదురును అలాగే ఉంచి గ్రూపును మధ్యకు తెచ్చుకుంటే 311 కాస్తా 338 దాకా వెళ్తుంది. అలా కాక నెలల తరబడి కష్టపడి గ్రూపు వెడల్పు పదో వంతు తగ్గించుకున్నాడనుకోండి, దాదాపు 313 దగ్గరే ఆగిపోతాడు. పక్కకు జరిగిన గ్రూపు ఎంత బిగిసినా తొమ్మిది, ఎనిమిది వలయాల్లోనే బిగుస్తుంది కదా! రెండోవాడి సంగతి తలకిందులు. సైట్ ఎంత తిప్పినా అతనికి ఒకటి కంటే ఎక్కువ పాయింటు రాదు. గ్రూపు పదో వంతు బిగిస్తే ఏడు పాయింట్ల దాకా వస్తాయి. కాబట్టి ఒకడు స్క్రూ దగ్గరికి, ఇంకొకడు క్లిక్కరు దగ్గరికి, వదిలే వేళ్ల దగ్గరికి వెళ్లాలి.

మొదటివాడికి సైట్ ఎటు తిప్పాలి? బాణాలు ఎటు పోతే అటే: ఎడమకు, కిందికి. కొత్తవాళ్లు దీన్ని తరచుగా తిరగేస్తారు. కంటికీ సైట్‌కూ మధ్య 85 సెంటీమీటర్లుంటే, 70 మీటర్ల దగ్గర 9 సెంటీమీటర్లంటే సైట్ మీద మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, 4 సెంటీమీటర్లంటే అర మిల్లీమీటరు.

అయితే సగటు స్థానాన్ని గుడ్డిగా నమ్మకూడదు. గ్రూపు చెదురును ఒక దిక్కు కొలతగా మార్చి, బాణాల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే సగటు ఎంత ఊగుతుందో తెలుస్తుంది. మొదటివాడి చెదురు ఒక్కో దిక్కున 5.6 సెంటీమీటర్లు. 36 బాణాలకు సగటు ఊగిసలాట సుమారు 0.9 సెంటీమీటర్లు, అంటే 9 సెంటీమీటర్ల జరుగుడు నికరమైనదే. రెండోవాడికి ఆ ఊగిసలాట ఒకటిన్నర సెంటీమీటర్లు కాబట్టి అతని ఒక సెంటీమీటరు జరుగుడు వట్టి గాలివాటు కావచ్చు. నా లెక్కలో, ఊగిసలాటకు రెండింతలు దాటని జరుగుడు కోసం సైట్ ముట్టుకోవడం దండగ. ఒక్కో బాణం చూసి సైట్ తిప్పేవాడు తన చెదురును వర్గం లెక్కలో రెట్టింపు చేసుకుంటాడు. బాణం తప్పుకు తన దిద్దుబాటు తప్పు తోడవుతుంది మరి.

ఇంకో మోసం ఉంది. ఆరు బాణాల చొప్పున ఎండ్‌లు విడివిడిగా చూస్తే ప్రతి గ్రూపూ బిగువుగా ఉండి, మధ్య మాత్రం మొదటి ఎండ్ నుంచి చివరి ఎండ్‌కు మెల్లగా ఎడమకు జరుగుతూ పోవచ్చు. గాలి మళ్లి ఉండవచ్చు, అలసిపోయి దవడ దగ్గర చెయ్యి చోటు మారి ఉండవచ్చు. అన్నీ కలిపి లెక్కిస్తే ఆ జరుగుడంతా చెదురుగా కనిపిస్తుంది, విలుకాడు వేళ్లను అనవసరంగా అనుమానిస్తాడు. అందుకని ఎండ్ సగటులు వరసగా రాసి చూడాలి. బాణాలకు నంబర్లు వేస్తే మరో మేలు: నాలుగో నంబరు ప్రతిసారీ గ్రూపు బయటే దిగుతుంటే తప్పు బాణానిదే, మనిషిది కాదు.

రెండోవాడి 171ని కూడా అడ్డం, నిలువు అని విడదీయండి. నిలువు చెదురు ఎక్కువైతే ముందు క్లిక్కరు దగ్గర తీగ లాగే పొడవు ప్రతిసారీ ఒకేలా వస్తోందేమో చూడండి. అడ్డం చెదురు ఎక్కువైతే విల్లు పట్టిన చేతి మెలికనూ వదిలే వేళ్లనూ చూడండి. సైట్ స్క్రూ జోలికి మాత్రం ఇంకో 36 బాణాలు వేసేదాకా వెళ్లొద్దు.