అడ్డం స్క్రిప్టు నిలువు తెరకెక్కాలంటే

టీవీ కోసం అడ్డంగా తీసే వీడియోకు రాసిన స్క్రిప్టును, సెల్‌ఫోనులో నిలువుగా చూసే వీడియోకు ఎలా మార్చుకోవాలో ఈరోజు ఒక ఉదాహరణతో చూద్దాం.

పిల్లలకు విరేచనాలైనప్పుడు ఓ.ఆర్.ఎస్. ఎలా కలపాలో చెప్పే రెండు నిమిషాల స్క్రిప్టు మీ దగ్గర ఉందనుకోండి. అందులో ముఖ్యమైన దృశ్యం ఇది. బల్ల మీద ఎడమవైపు లీటరు నీళ్లకు సరిపడే పొట్లం, కుడివైపు నీళ్ల గిన్నె, మధ్యలో ఆరోగ్య కార్యకర్త. కింది అంచున "ఒక పొట్లానికి ఒక లీటరు నీళ్లు" అన్న అక్షరాలు.

అడ్డం చట్రం వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. నిలువు చట్రంలో ఇవి తారుమారవుతాయి. అందుకని ఆ దృశ్యాన్ని నిలువుగా కత్తిరిస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. కార్యకర్త ముఖం ఉంటుంది, పొట్లం, గిన్నె పోతాయి. "లీటరు" అన్న మాట తెగిపోతే, పొట్లమంతా ఒక్క గ్లాసు నీళ్లలో కలిపే తల్లి ఉండవచ్చు. ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం. కాబట్టి స్క్రిప్టునే తిరగరాయాలి.

మొదట కూర్పు. పక్కపక్కన ఉన్నవాటిని ఒకదాని కింద ఒకటి పెట్టండి. పైన పొట్లం పట్టిన చేయి, కింద గిన్నె. పొడి పైనుంచి కిందికి పడడం నిలువు చట్రానికి చక్కగా ఒదుగుతుంది. కార్యకర్త ముఖాన్ని దానికి ముందు విడి షాటుగా రాయండి.

తర్వాత అక్షరాలు. ఫోనులో కింది భాగాన్ని పేరు, వివరం, కుడి అంచును బొమ్మ గుర్తులు కప్పేస్తాయి. అక్కడ ఏమీ రాయకుండా, మధ్యకు కాస్త పైన రెండు వరుసలుగా వేయండి: "ఒక పొట్లం", దాని కింద "ఒక లీటరు నీళ్లు". తెలుగుకు పైన గుళ్లు, కింద వత్తులు ఉంటాయి కనుక వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. బళ్ళారి వైపు కన్నడం, హోసూరు వైపు తమిళం కూడా చూపాల్సి వస్తే, రెండు భాషలనూ ఇరికించకుండా ఒకదాని తర్వాత ఒకటి చూపండి.

ఇక నడక. పాత స్క్రిప్టు ఊరి వీధితో పది సెకండ్లు మొదలైతే, దాన్ని తీసేసి పొట్లంతోనే మొదలుపెట్టండి. అయితే అంతా వేగంగా పరుగెత్తించకూడదు. అక్షరాలను నిదానంగా రెండుసార్లు పైకి చదవండి, అంతసేపూ అవి తెర మీద నిలవాలి.

చివరగా, ఆ వీడియోను శబ్దం లేకుండా ఇంతకుముందు చూడని ఒకరికి ఫోనులో చూపి, "ఎన్ని నీళ్లు పోయాలి?" అని అడగండి. "లీటరు" అని తడుముకోకుండా చెబితే మీ మార్పు కుదిరినట్లే. తడబడితే, ముందు అక్షరాలున్న చోటు, అవి నిలిచిన సమయం సరిచూడండి.