డిగ్రీ ఉంది సరే, బోర్డు రిజిస్ట్రేషన్ ఏదమ్మా?

మా అక్క కూతురు బీఎస్సీ ఎంఎల్‌టీ పూర్తి చేసిన ఏడాది మా జిల్లాలో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 కాంట్రాక్టు పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అప్లికేషన్ ఇవ్వడానికి వెళ్తుంటే తోడు వెళ్లాను. టెన్త్ మెమో దగ్గర్నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా ఫైల్లో అన్నీ వరసగా పెట్టుకుంది. కౌంటర్లో ఉన్నాయన ఒక్కొక్క కాగితం తిప్పుతూ టిక్కు పెడుతూ ఒకచోట ఆగారు.

"పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఏదమ్మా?"

"నాది హెల్త్ యూనివర్సిటీ డిగ్రీ సార్. బోర్డు డిప్లొమా వాళ్లకు కదా?"

ఆయన విసుక్కోలేదు. నోటిఫికేషన్‌లో ఆ లైను చూపించి, ఫైలు తిరిగి ఇచ్చేశారు. వెనకాల నిలబడ్డ కుర్రాడు డీఎంఎల్‌టీ. రెండేళ్ల డిప్లొమా. అతని ఫైల్లో బోర్డు సర్టిఫికెట్ మొదటి కాగితంగా ఉంది. అతని అప్లికేషన్ తీసుకున్నారు. నాలుగేళ్లు చదివిన మా పిల్ల మెట్లు దిగి వచ్చేసింది.

నేనూ డిప్లొమా చదివినదాన్నే. ఇరవై ఏళ్లకు పైగా ల్యాబుల్లోనే ఉన్నాను. అయినా ఆ సంగతి దానికి ముందే చెప్పాలని నాకు తోచలేదు. ఎందుకంటే మా రోజుల్లో ఈ ప్రశ్నే రాదు. డిప్లొమా చదివేవాళ్లకు కాలేజీకి అనుమతి ఇచ్చేది, పరీక్ష పెట్టేది, సర్టిఫికెట్ ఇచ్చేది అంతా బోర్డే. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నాటి పారామెడికల్ బోర్డు చట్టం కింద ఏర్పడిన వ్యవస్థ ఇది. కాబట్టి పాసయ్యాక రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని కాలేజీ వాళ్లే తరుముతారు. డిగ్రీ పిల్లలకు పరీక్షలు పెట్టేది హెల్త్ యూనివర్సిటీ. ఆంధ్రలో విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ, తెలంగాణలో వరంగల్ కాళోజీ యూనివర్సిటీ. పట్టా అక్కడి నుంచి వస్తుంది. కానీ యూనివర్సిటీ పట్టా "ఈ అమ్మాయి చదివింది" అని మాత్రమే చెబుతుంది. "ఈ రాష్ట్రంలో టెక్నీషియన్‌గా పని చేయవచ్చు" అని చెప్పే కాగితం బోర్డు దగ్గరే తీసుకోవాలి. నాలుగేళ్లలో బోర్డు ముఖం చూడని పిల్లలకు ఆ తేడా కౌంటర్ దగ్గరే తెలుస్తోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాష్ట్రం విడిపోయాక బోర్డులూ రెండయ్యాయి. విజయవాడలో రిజిస్టరై హైదరాబాద్‌లో ప్రభుత్వ పోస్టుకు పెట్టుకుంటే అక్కడ తెలంగాణ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. వేరే రాష్ట్రంలో చదివి వచ్చినవాళ్ల పని మరీ కష్టం. ముందు ఆ కోర్సును ఇక్కడి బోర్డు గుర్తించాలి. దూరవిద్యలో, ఎక్కడో తెలియని యూనివర్సిటీ పేరుతో డిప్లొమాలు అమ్మే సెంటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ సర్టిఫికెట్ మీద మన రాష్ట్ర బోర్డు రిజిస్ట్రేషన్ ఇస్తుందా?" జవాబు సెంటర్ వాళ్ల నోటి నుంచి వింటే చాలదు, బోర్డు దగ్గరే కనుక్కోవాలి.

సరే, ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉందనుకుందాం. అప్పుడు డిగ్రీకి ఎక్కువ విలువ ఉంటుందా? ఆంధ్రప్రదేశ్ జిల్లా నోటిఫికేషన్లలో కొన్నేళ్లుగా నడుస్తున్న లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గ్రేడ్-2 పోస్టుకు డీఎంఎల్‌టీ అయినా సరే, బీఎస్సీ ఎంఎల్‌టీ అయినా సరే. రాతపరీక్ష ఉండదు. మొత్తం 100లో 75 మార్కులు చదువులో వచ్చిన శాతాన్ని బట్టి ఇస్తారు. పాసైన దగ్గర్నుంచి నిండిన ప్రతి ఏడాదికి 1 చొప్పున 10 దాకా కలుపుతారు. మిగిలిన 15 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు.

ఇద్దరు స్నేహితులు 2016లో ఇంటర్ పాసయ్యారనుకోండి. ఒకరు 2018లో డిప్లొమా పూర్తి చేశారు, ఇంకొకరు ఇంటర్న్‌షిప్‌తో కలిపి 2020లో డిగ్రీ. ఇద్దరికీ 72 శాతమే. 2025 చివర్లో నోటిఫికేషన్ పడితే చదువు కింద ఇద్దరికీ 54 మార్కులే వస్తాయి. ఏళ్ల కింద డిప్లొమాకు 7, డిగ్రీకి 5. అంటే 61, 59. ఎక్కువ చదివినవాళ్లు రెండు మార్కులు వెనకబడ్డారు! ఆ రెండూ చదువులో తెచ్చుకోవాలంటే డిగ్రీలో దాదాపు 75 శాతం రావాలి. మెరిట్ లిస్టులో అర మార్కుకే పదిమంది నిలబడి ఉంటారు కాబట్టి ఇది చిన్న తేడా కాదు. డిప్లొమా, డిగ్రీ రెండూ ఉంటే? రెండిట్లో ఏది ఎక్కువ శాతమైతే అది తీసుకుంటారు. పై చదువు చదివినందుకంటూ విడిగా ఒక్క మార్కూ లేదు.

తెలంగాణ 2024లో రాతపరీక్ష పెట్టింది. 80 మార్కులు పరీక్షకు, 20 ప్రభుత్వ సర్వీసుకు. అక్కడా ఒకే గుమ్మం. ఒకేషనల్ ఇంటర్ చదివి ఏడాది శిక్షణ పొందినవాళ్ల నుంచి ఎమ్మెస్సీల దాకా అదే పోస్టుకు కూర్చున్నారు. నాకైతే ఈ పద్ధతే నయం అనిపిస్తుంది. ఏ కాలేజీ మార్కులు ఎంత ధారాళంగా వేసిందన్నది ఇందులో లెక్కలోకి రాదు.

రైల్వేకు వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ గుమ్మాలు రెండు. ఇంటర్ సైన్సు మీద డీఎంఎల్‌టీ ఉంటే ల్యాబ్ అసిస్టెంట్, మూల వేతనం 21,700. బీఎస్సీ మీద డీఎంఎల్‌టీ గానీ, ల్యాబొరేటరీ టెక్నాలజీలోనే బీఎస్సీ గానీ ఉంటే ల్యాబ్ సూపరింటెండెంట్, 35,400. ఒకే సికింద్రాబాద్ బోర్డుకు ఇద్దరూ అప్లై చేస్తారు, రెండు వేర్వేరు మెట్ల మీద మొదలవుతారు.

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏ మెట్టో రాసిపెట్టి ఉండదు. అందుకే అక్కడ బాధ ఎక్కువ. నేను ఇంతకుముందు పనిచేసిన చోట మాతో పదకొండేళ్లుగా ఉన్న డిప్లొమా టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు, అందరం అన్నా అని పిలిచేవాళ్లం. ఒకరోజు తెల్లవారుజామున వార్డు నుంచి వచ్చిన శాంపిల్‌లో పొటాషియం 8.1 చూపించింది. అయిదున్నర దాటకూడనిది. అంత ఉంటే గుండె ఏ క్షణాన్నయినా ఆగవచ్చు. డ్యూటీలో ఉన్న కొత్తమ్మాయి, బీఎస్సీ, క్రిటికల్ వాల్యూ అని వార్డుకు ఫోన్ చేయబోయింది. అన్న ఆపారు. "తల్లీ, అదే సీరమ్‌లో కాల్షియం ఒక్కసారి వేసి చూడు." వేస్తే 5.2 వచ్చింది. ఎనిమిదిన్నరకు తగ్గకూడనిది. మంచం నంబరు అడిగి ఆయనే పైకి వెళ్లి చూసొచ్చారు. పేషెంటు లేచి కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

జరిగింది ఇది. సీబీపీ కోసం తీసే ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ మందు ఉంటుంది. అది పొటాషియం లవణం. పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. నర్సింగ్ సిస్టర్ రక్తం చాలలేదని ఊదా ట్యూబులోది కాస్త ఎర్ర మూత ట్యూబులోకి వంచింది. పొటాషియం పైకి, కాల్షియం కిందకి. మళ్లీ తీయించి చేస్తే 4.3. ముందు రిపోర్టే వెళ్లి ఉంటే, బాగున్న మనిషికి పొటాషియం దించే మందులు ఎక్కించేవాళ్లు.

ఆ ఈడీటీఏ రసాయనం సంగతి ఆ తర్వాత విడమరిచి చెప్పింది ఆ బీఎస్సీ అమ్మాయే. దానికి పుస్తకం తెలుసు. అన్నకు ఆ రెండు అంకెలు కలిసి వస్తే ఏమిటో తెలుసు. నెల తిరిగేసరికి చూస్తే, చేరి ఆరు నెలలైన ఆ అమ్మాయి జీతం అన్న జీతానికి రెండు వేలు మాత్రమే తక్కువ. మరుసటి ఏడాది ల్యాబ్ ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయితే ప్రకటనలో "బీఎస్సీ లేదా ఎమ్మెస్సీ" అని రాశారు. అన్నను ఇంటర్వ్యూకే పిలవలేదు. కొన్నాళ్లకు ఆయన మానేశారు.

ఆసుపత్రి వాళ్ల వాదన నేను విన్నాను, అందులో కొంత నిజం ఉంది. కొన్ని డిప్లొమా కాలేజీలకు పేరుకే ఆసుపత్రి. రెండేళ్లలో పిల్లలు సొంతంగా పది మందికి సూది గుచ్చకుండానే బయటికి వస్తారు. అలా ఒకరిద్దరిని తీసుకుని చెయ్యి కాల్చుకున్న ఆసుపత్రి తర్వాత అందర్నీ అదే కళ్లతో చూస్తుంది. డిగ్రీలో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా అని నమ్ముతుంది. కొత్తగా చేరేవాళ్ల విషయంలో ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. పదకొండేళ్లు తమ ల్యాబులోనే, తమ కళ్ల ముందే పనిచేసిన మనిషి విషయంలోనూ అదే కొలత పట్టుకోవడం తప్పు. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు ప్రతి టెక్నీషియన్ సామర్థ్యాన్ని పరీక్షించి రికార్డు పెట్టాలి. ఎవరు ఏ పరీక్ష ఎంత సరిగ్గా చేస్తున్నారో ఆ ఫైల్లోనే ఉంటుంది. జీతం, పదోన్నతి దగ్గర మాత్రం ఆ ఫైలు ఎవరూ తెరవరు.

ఇంకొక సంగతి చాలామంది డిగ్రీ పిల్లలు అపోహ పడుతుంటారు. బీఎస్సీ, ఎమ్మెస్సీ ఉంటే రిపోర్టు మీద తామే సంతకం చేసి సొంతంగా ల్యాబు నడపవచ్చని. గుజరాత్ ల్యాబుల కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, రిపోర్టు మీద సంతకం పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టర్‌దే కావాలన్న మెడికల్ కౌన్సిల్ మాటను సమర్థించింది. అంటే ఆ గీతకు ఇవతల డిప్లొమా, డిగ్రీ ఇద్దరూ ఒకే పక్క ఉన్నారు.

అసలు గీత ఇప్పుడు ఇంకోచోట పడుతోంది. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. ల్యాబ్ పని అందులో మొదటి వర్గం. కనీసం 2,000 గంటల చదువుతో రెండు నుంచి నాలుగేళ్ల డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉంటే అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అంటుంది. కనీసం 3,600 గంటలతో మూడు నుంచి ఆరేళ్ల డిగ్రీ ఉంటే హెల్త్‌కేర్ ప్రొఫెషనల్. డిప్లొమా వాళ్లు చట్టం బయట పడిపోరు, అది ఊరట. కానీ రెండు పేర్లు వచ్చాక రేపు పోస్టులూ ఆ రెండు పేర్ల మీదే విడతాయేమోనని నా భయం. గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లకు ఇది కొత్త కాదు. సౌదీ కమిషన్ డిప్లొమాను టెక్నీషియన్ కింద, డిగ్రీని స్పెషలిస్ట్ కింద రాస్తుంది. పక్కపక్కనే పనిచేసినా రెండు జీతాలు.

మా పిల్ల ఆ నోటిఫికేషన్ పోగొట్టుకున్నా బోర్డులో రిజిస్టరైంది. రెండు మార్కుల లెక్క కాగితం మీద వేసి చూపించాక, గ్రామీణ ప్రాంతంలో ఆరు నెలల సర్వీసుకు 2 మార్కులు కలుస్తాయని తెలుసుకుని, మండల కేంద్రంలోని ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్‌లో చేరింది. మొన్న పొద్దున్నే ఫోన్ చేసింది.

"పిన్నీ, పొటాషియం ఏడు తొమ్మిది చూపిస్తోంది. కాల్షియం అయిదు. పేషెంటేమో బయట బల్ల మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు."

"ట్యూబు ఎవరు తీశారో అడిగావా?"

"అడిగాను. మళ్లీ నేనే తీశాను. ఇప్పుడే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాను, ఉండు."