మూడు బొమ్మల్లో మారాల్సింది రంగొక్కటే

హైదరాబాద్‌లో పన్నెండేళ్ల కిందట కట్టిన ఒక అపార్ట్‌మెంట్‌ను ఊహించుకుందాం. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, అంతస్తుకు ఎనిమిది చొప్పున 40 ఫ్లాట్లు, పడమటి రోడ్డు. బయటి గోడలకు మళ్లీ పెయింటింగ్ చేయించాలని అసోసియేషన్ తీర్మానించింది. భవనాన్ని కంప్యూటర్‌లో ఒక్కసారి త్రీడీ నమూనాగా కట్టి, దానికే మూడు రకాల రంగులు వేసి చూపించే పని ఒక ఆర్కిటెక్ట్‌కు అప్పగించారు. ఆదివారం సెల్లార్‌లో సమావేశం. ఆమె చూపించబోయేవి మూడు బొమ్మలు. ఎ: తెలుపులో కొంచెం పసుపు కలిసిన గోడలు, ఇటుక రంగు పట్టీలు. బి: బిస్కెట్ రంగు గోడలు, తెల్ల పట్టీలు. సి: ముదురు బూడిద గోడలు, తెల్ల పట్టీలు.

చాలా సమావేశాల్లో ఓటు వేయకముందే ఫలితం బొమ్మల్లో తేలిపోతుంది. ఒక బొమ్మలో సాయంకాలపు ఆకాశం, బాల్కనీల్లో వెలుగుతున్న దీపాలు, గేటు దగ్గర కొత్త కారు. మరో బొమ్మలో మిట్టమధ్యాహ్నపు ఎండ, ఖాళీ రోడ్డు. మొదటిదానికి చేతులు లేస్తాయి, కానీ అవి లేచింది రంగుకు కాదు, సాయంత్రానికి. అందుకే కెమెరా నిలబడే చోటు, ఎండ పడే గంట, చెట్లు, ఆకాశం మూడింట్లోనూ ఒకటే ఉండాలి. మారేది గోడలకూ పట్టీలకూ వేసిన రంగు మాత్రమే.

ఇంత జాగ్రత్త పడ్డా ఒక పొరపాటు కంటికి కనపడకుండా దూరిపోతుంది. రెండరింగ్ సాఫ్ట్‌వేర్లలో బొమ్మ వెలుతురును తనంతట తానే సర్దే ఆటో ఎక్స్‌పోజర్ అనే సదుపాయం ఉంటుంది. ముదురు గోడ ఫ్రేమ్‌ను నింపేసరికి బొమ్మ చీకటిగా ఉందనుకుని అది వెలుతురు పెంచుతుంది. దాంతో సి రంగు ఉండాల్సినదానికంటే లేతగా, ఇంపుగా కనిపిస్తుంది. దాన్ని ఆపేసి, మూడు బొమ్మలకూ ఒకే వెలుతురు స్థాయి పెట్టాలి. బ్లెండర్ వాడేవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. 2023లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి అందులో మామూలుగా ఉండే AgX అమరిక బొమ్మను ఫొటోలా మలిచే క్రమంలో ఘాటైన రంగులను కాస్త వెలిసినట్టు చూపిస్తుంది. షేడ్ పోల్చి చూపడమే పని అయినప్పుడు Standard అమరికలోనూ ఒకసారి తీసి చూడటం మంచిది.

బొమ్మలు నిజాయితీగా ఉన్నాయో లేదో తేల్చుకునే పరీక్ష ఒకటుంది. ఫొటోషాప్‌లోనో గింప్‌లోనో రెండు బొమ్మలను ఒకదానిమీద ఒకటి పెట్టి, పై పొరను Difference అనే పద్ధతిలోకి మార్చాలి. రెండింట్లో ఒకేలా ఉన్న చోటల్లా నల్లగా మారిపోతుంది. రంగు మార్చిన గోడలు, పట్టీలు మాత్రమే వెలుగుతూ కనిపించాలి. ఆకాశమో రోడ్డో కూడా వెలిగితే వెలుతురో ఎండో మారిందన్నమాట. బాల్కనీ స్లాబుల అడుగున మసకగా ఏదైనా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పక్క గోడ రంగు అక్కడ ప్రతిఫలిస్తుంది, నిజం భవనంలోనూ అంతే.

ఇక సమావేశంలో చదివే స్క్రిప్టు. దానికి బలమంతా మొదటి రెండు స్లైడ్లలో ఉంది. ఒకటి, గేటు ఎదురుగా నిలబడి తీసిన ఇప్పటి ఫొటో. రెండోది, అదే చోటి నుంచి, అదే ఎండలో, ఇప్పుడున్న రంగుతోనే తీసిన కంప్యూటర్ బొమ్మ. ఆర్కిటెక్ట్ చెప్పాల్సిన మాటలు ఇవి:

"అందరికీ నమస్కారం. ఎడమవైపున్నది నిన్న పొద్దున తీసిన ఫొటో. కుడివైపున్నది మేం కట్టిన నమూనా. రంగు మార్చలేదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, డ్రైనేజీ పైపులు, గ్రిల్స్ ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండింటికీ ఎక్కడైనా తేడా కనిపిస్తే ఇప్పుడే చెప్పండి."

నమూనా తమ భవనమేనని జనం ఇక్కడ ఒప్పుకుంటేనే తర్వాతి బొమ్మలను నమ్ముతారు. పైపులూ ఏసీలూ తుడిచేసిన శుభ్రమైన బొమ్మ ఎవరి భవనమూ కాదు.

తర్వాత మూడు రంగులనూ ఒకే వరుసలో, ఒకే అంశాలతో చెప్పాలి: గోడ షేడ్, పట్టీ షేడ్, దుమ్ము ఎలా కనిపిస్తుంది, ఎండకు ఎలా ఉంటుంది. 'రాయల్', 'ప్రీమియం' లాంటి పేర్లు పెట్టకూడదు, అవి రంగుకంటే ముందు అమ్ముడుపోతాయి.

"సి రంగులో గోడ ముదురు బూడిద. కిటికీ సజ్జల కింద నల్లటి చారలు ఎ కంటే ఇందులో తక్కువగా కనిపిస్తాయి. కానీ గోడలో చెమ్మ ఉండి ఉప్పు పైకొస్తే ఆ తెల్ల మరకలు ఇందులోనే బాగా కనిపిస్తాయి. పడమటి గోడ కాబట్టి ఎండ వేడిని ఎక్కువ పీలుస్తుంది."

వేడి గురించి ఎవరో ఒకరు అడుగుతారు. షేడ్ వివరాల్లో చాలా కంపెనీలు ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. పడిన వెలుగులో గోడ ఎంత తిప్పి పంపుతుందో చెప్పే కొలత అది. నలుపుకు 0, స్వచ్ఛమైన తెలుపుకు 100. ఈ భవనానికి ఎంచుకున్న షేడ్లలో ఎ 75 దగ్గర, బి 50 దగ్గర, సి 15 దగ్గర ఉన్నాయనుకుంటే తేడా అర్థమవుతుంది. అయితే ఎల్‌ఆర్‌వీ కొలిచేది కంటికి కనిపించే వెలుగునే. సూర్యుడి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. కాబట్టి ఈ అంకె వేడికి ఒక సూచన మాత్రమే, లెక్క కాదు.

తెర మీద కనిపించనిది ఇంకొకటుంది. స్వీడన్ పరిశోధకురాలు కరిన్ ఫ్రిడెల్ ఆంతెర్ 2000లో స్టాక్‌హోంలోని కేటీహెచ్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో, బయటి గోడల అసలు షేడ్‌నూ అవి కంటికి కనిపించే తీరునూ పోల్చి చూశారు. షేడ్ కార్డు మీదకంటే గోడ మీద రంగు సాధారణంగా తక్కువ ముదురుగా, ఎక్కువ ఘాటుగా కనిపిస్తుందని తేల్చారు. కార్డు మీద నెమ్మదిగా ఉన్న లేత పసుపు ఐదంతస్తుల గోడెక్కాక కొట్టొచ్చినట్టుండటం అందుకే. నచ్చిన షేడ్‌లో కాస్త బూడిద కలిసినది ఎంచుకోవడం దానికి విరుగుడు. పైగా సెల్లార్‌లో ప్రొజెక్టర్ తెర మీద రంగులన్నీ వెలిసిపోతాయి. చేతికి ఇవ్వడానికి ఎ3 ప్రింట్లూ, అసలు షేడ్ కార్డులూ తేవాల్సిందే.

ఓటింగ్ పద్ధతి ముందే చెప్పకపోతే గొడవ ఇక్కడే మొదలవుతుంది. 40 స్లిప్పుల్లో సికి 15, ఎకి 13, బికి 12 వచ్చాయనుకోండి. సి గెలిచినట్టే. కానీ 25 ఇళ్లు లేత రంగు కోరాయి, ఓట్లు రెండుగా చీలాయంతే. స్లిప్పు మీద మొదటి ఇష్టం, రెండో ఇష్టం రాయిస్తే చిక్కు విడుతుంది. తక్కువ వచ్చిన బిని పక్కనపెట్టి ఆ 12 స్లిప్పుల్లో రెండో ఇష్టం చూడాలి. అందులో పది ఎకి, రెండు సికి ఉంటే ఎ 23, సి 17. ఈ నియమం స్లిప్పులు పంచకముందే చదివి వినిపించాలి, తెరిచాక కాదు.

"మేడమ్, ఇంతకీ బొమ్మలో ఉన్నట్టే వస్తుందా?" అని ముందు వరుసలోని పెద్దాయన అడుగుతారు. రాదనే చెప్పాలి. గెలిచిన రంగునూ రెండోదాన్నీ పడమటి గోడ మీదా, ఉత్తరపు నీడ గోడ మీదా కనీసం మీటరు పొడవు, మీటరు వెడల్పున ప్రైమర్ మీద రెండు కోట్లు వేయించి చూపిస్తానని ఆమె మాట ఇవ్వాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడాలి. చుట్టూ ఉన్న పాత రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి ముక్క ఎంత పెద్దదైతే అంత మంచిది.

మినిట్స్‌లో "ఆప్షన్ ఎ ఆమోదించారు" అని రాస్తే సరిపోదు. కంపెనీ పేరు, పెయింట్ రకం, గోడకూ పట్టీకీ వేర్వేరుగా షేడ్ కోడ్, ఎన్ని కోట్లు, పైపులకు ఏ రంగు, ఇవన్నీ రాసి సంతకాలు చేయించాలి. కాంట్రాక్టర్ మరో కంపెనీ డబ్బా తెచ్చి "దాదాపు ఇదే సార్" అన్న రోజున ప్రెసిడెంటు గారు చూపించాల్సింది ఆ కాగితాన్నీ, గోడ మీద ఉంచిన ఆ నమూనా ముక్కనూ.