లెక్కలో లాభం, ధరలో నష్టం

2024 జూన్ 4. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటా టీవీ ముందు జనం అసెంబ్లీ ఫలితాలు చూస్తున్న రోజు అది. అదే రోజు లోక్‌సభ లెక్కింపు సాగుతుండగా షేర్ మార్కెట్ కుప్పకూలింది. ముందురోజు 23,263.90 దగ్గర ముగిసిన నిఫ్టీ 1,379 పాయింట్లు పోగొట్టుకుని 21,884.50 దగ్గర ఆగింది. మధ్యలో ఒక దశలో 21,281 దాకా జారింది. ఆప్షన్లు రాసేవాళ్లకూ కొనేవాళ్లకూ ఎన్నాళ్లు గడిచినా గుర్తుండే రోజు. ఆప్షన్ ధర ఎంత మారుతుందో అంచనా వేయడానికి అందరూ వాడే ఒక అడ్డదారి లెక్క ఎక్కడిదాకా నమ్మదగ్గదో, ఎక్కడ తప్పుతుందో చూపించడానికి అంతకంటే మంచి రోజు నాకు తట్టడం లేదు.

ముందురోజు సాయంత్రం ఒక పొజిషన్ ఉందనుకుందాం. గురువారం, అంటే జూన్ 6న ఎక్స్‌పైరీ. 23,250 స్ట్రైక్ పుట్ ఒకటి కొన్నాం. ఆ ఖర్చు కొంత తగ్గించుకోవడానికి 22,500 పుట్‌లు రెండు అమ్మాం. ట్రేడర్లు దీన్ని రేషియో స్ప్రెడ్ అంటారు. ఇక్కడ నేను చెప్పే ధరలు ఆ రోజు మార్కెట్లో పలికినవి కావు. వొలటిలిటీ 25 శాతం, గడువు మూడు రోజులు, వడ్డీ సున్నా అనుకుని బ్లాక్-షోల్స్ సూత్రంతో కట్టినవి. ఆ లెక్కన కొన్న పుట్ 203 రూపాయలు, అమ్మిన పుట్ ఒక్కోటి 16 రూపాయలు.

ఇప్పుడు డెల్టా. నిఫ్టీ ఒక్క పాయింటు పడితే పుట్ ధర ఎన్ని పైసలు పెరుగుతుందో చెప్పేది డెల్టా. మన 23,250 పుట్‌కు అది 48.5 పైసలు. దూరంగా ఉన్న 22,500 పుట్‌కు 6.9 పైసలే. కానీ నిఫ్టీ పడేకొద్దీ ఈ డెల్టా తానూ పెరుగుతూ పోతుంది. ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పేది గామా. ప్రతి వంద పాయింట్ల పతనానికీ మొదటి పుట్ డెల్టా సుమారు 7.6 పైసలు, రెండోదానిది 2.5 పైసలు పెరుగుతాయి.

అడ్డదారి లెక్క ఈ రెండు సంఖ్యలతోనే నడుస్తుంది. ప్రయాణం మొదట్లో డెల్టా ఇంత, గామా ప్రకారం చివర్లో ఇంత అవుతుంది, రెండింటి సగటు తీసి నడిచిన పాయింట్లతో గుణించు. పుస్తకాల్లో ఇది ఇలా కనిపిస్తుంది:

ΔV ≈ Δ·δS + ½·Γ·(δS)²

అందులోని ఆ ‘సగం’ ఎక్కడిదా అని తికమకపడేవాళ్లు చాలామంది. అది ఆ సగటు లోంచి వచ్చిందే.

చిన్న కదలికకు ఈ లెక్క ముచ్చటగా పనిచేస్తుంది. నిఫ్టీ 200 పాయింట్లు పడిందనుకోండి. 23,250 పుట్ 112 రూపాయలు పెరగాలని డెల్టా-గామా చెబుతుంది. కొత్త నిఫ్టీ విలువ పెట్టి బ్లాక్-షోల్స్‌ను మొదటినుంచి మళ్లీ కట్టినా వచ్చేది 112 రూపాయలే. రోజూ ఇలాంటి కదలికలే చూసేవాడికి ఈ లెక్కమీద నమ్మకం పాతుకుపోవడంలో వింతేమీ లేదు.

ఇక 1,379 పాయింట్లు పడేద్దాం. అదే గామా కడదాకా కొనసాగితే 23,250 పుట్ డెల్టా 48.5 పైసల నుంచి 153 పైసలకు చేరుతుంది. సగటు సుమారు 100.6 పైసలు. పెరుగుదల 1,388 రూపాయలు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. నిఫ్టీ పడింది 1,379 పాయింట్లు, పుట్ పెరిగింది 1,388 రూపాయలట! పుట్ అంటే 23,250కి అమ్ముకునే హక్కు. నిఫ్టీ ఒక పాయింటు పడితే ఆ హక్కు విలువ రూపాయికి మించి పెరగదు. డెల్టా రూపాయి దాటడమంటే ఉండని డబ్బును లెక్కలోకి తెచ్చుకోవడమే. మొదటినుంచి మళ్లీ ధర కడితే అసలు పెరుగుదల 1,163 రూపాయలు. అడ్డదారి లెక్క 225 రూపాయలు ఎక్కువ చూపించింది.

దూరపు పుట్ దగ్గర తప్పు అటునుంచి ఇటు తిరుగుతుంది. 6.9 పైసల దగ్గర మొదలైన డెల్టా, అదే గామాతో చివరికి 41.6 పైసలకు చేరుతుందని సూత్రం అనుకుంటుంది. నిజంగా చేరేది 89 పైసలకు. సూత్రం చెప్పిన పెరుగుదల 334 రూపాయలు, మళ్లీ కట్టిన ధర ప్రకారం 626 రూపాయలు. ఇంచుమించు సగమే దొరికింది.

ఈ రెండు తప్పులూ మన పొజిషన్లో ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. కొన్నదాని లాభాన్ని సూత్రం పెంచి చూపుతుంది, అమ్మినవాటి నష్టాన్ని తగ్గించి చూపుతుంది. కొన్న పుట్ మీద 1,388 లాభం, అమ్మిన రెండింటి మీద 668 నష్టం, నికరంగా 720 రూపాయల లాభం అంటుంది డెల్టా-గామా. ఖచ్చితమైన లెక్కలో కొన్నదాని మీద 1,163 లాభం, అమ్మినవాటి మీద 1,252 నష్టం, నికరంగా సుమారు 90 రూపాయల నష్టం. ఆ రోజు కనిష్ఠం 21,281 దగ్గర చూస్తే తేడా మరీ దారుణం. సూత్రం 1,186 రూపాయల లాభం చూపిస్తుంటే పొజిషన్ 642 రూపాయల నష్టంలో ఉంటుంది. మొత్తం కాస్త అటూ ఇటూ అవడం వేరు, లాభనష్టాల గుర్తే తారుమారవడం వేరు. ఇక్కడ జరిగింది రెండోది.

ఎందుకిలా? గామా ఒక చోట నిలిచి ఉండదు. ఏ ఆప్షన్‌కైనా అది స్ట్రైక్ దగ్గర గుట్టలా లేచి, అటూ ఇటూ వాలిపోతుంది. 23,250 పుట్ విషయంలో మనం గుట్ట శిఖరం మీద నిలబడి కొలత తీసుకున్నాం. నిఫ్టీ 21,884కి వచ్చేసరికి ఆ గామా ముప్పయ్యో వంతుకు పడిపోయింది. 22,500 పుట్‌కు గుట్ట పాదం దగ్గర కొలిచాం. నిఫ్టీ ఆ స్ట్రైక్ దగ్గరికి చేరినప్పుడు దాని గామా మూడింతలైంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో మొదటి మలుపు దగ్గర స్టీరింగ్ ఎంత తిప్పామో అంతే బిగబట్టి పట్టుకుని కొండంతా దిగుతామన్నట్టు ఉంటుంది ఈ సూత్రం తీరు. కొన్ని గజాల వరకు రోడ్డు మీదే ఉంటాం.

ఆ కొన్ని గజాలు ఎంతో చెప్పే కొలత ఒకటుంది. వొలటిలిటీని, మిగిలిన గడువును కలిపి ఎక్స్‌పైరీలోగా నిఫ్టీ మామూలుగా ఎంత ఊగవచ్చో కడతారు. మన ఉదాహరణలో అది 527 పాయింట్లు. గామా గుట్ట వెడల్పు కూడా ఆ మేరకే. 200 పాయింట్లు అందులో ఒక మూల, 1,379 పాయింట్లు రెండున్నర రెట్లకు పైన. ‘పెద్ద కదలిక’ అనేది శాతంలో ఉండదని చెప్పడానికి ఒక పోలిక చాలు. అదే 23,250 పుట్‌కు మూడు రోజులు కాక 90 రోజుల గడువుంటే, అదే 1,379 పాయింట్ల పతనానికి డెల్టా-గామా చెప్పేదీ మళ్లీ కట్టిన ధర చెప్పేదీ రెండూ 785 రూపాయల దగ్గరే ఉంటాయి, తేడా రూపాయో రెండో. కాబట్టి ప్రమాదం ఎక్కువగా వారపు ఆప్షన్లలో, అందులోనూ ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ రోజుల్లో ఉంది. మన దేశంలో జనం ఎగబడి ఆడేది సరిగ్గా వాటినే. అందుకే ఈ విషయం నాకు పుస్తకాల గణితంలా అనిపించదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మొదట్లో ఈ పొజిషన్ నికర గామా ఎంతో చూడండి. 7.6లోంచి రెండు 2.5లు తీసేస్తే ఇంకా సుమారు 2.5 పైసలు మిగులుతుంది, అంటే పాజిటివ్. పాజిటివ్ గామా ఉంటే పెద్ద కుదుపు మనకు మేలు చేస్తుందని ట్రేడింగ్ బల్లల దగ్గర అందరూ చెప్పుకునే మాట. బ్యాంకుల మార్కెట్ రిస్కు మీద బాసెల్ కమిటీ 1996లో తెచ్చిన నిబంధనల్లోని ‘డెల్టా-ప్లస్’ పద్ధతీ ఇదే దారిన నడిచింది. నికర గామా ప్రభావం నెగటివ్ అయితేనే దానికి పెట్టుబడి పక్కన పెట్టాలి, పాజిటివ్ అయితే లెక్కలోకి రాదు. మన పొజిషన్ ఆ జల్లెడలోంచి గామా తరఫున పైసా అడగకుండా జారిపోతుంది. కానీ 21,884 దగ్గరికి వచ్చేసరికి దాని గామా నెగటివ్‌గా మారిపోయింది. నిఫ్టీ ఇంకో పాయింటు పడితే లాభం రావడం పోయి 78 పైసలు చేజారే స్థితి.

అదే నిబంధనల్లో రెండో దారి కూడా ఉంది. రకరకాల ధరల దగ్గర, వొలటిలిటీల దగ్గర పొజిషన్‌ను మొదటినుంచి కట్టి చూడడం. మన ఎక్స్‌ఛేంజీలు మార్జిన్ వసూలు చేయడానికి వాడే స్పాన్ పద్ధతి కూడా ఈ జాతిదే. షికాగో మర్కంటైల్ ఎక్స్‌ఛేంజ్ 1988లో తయారుచేసిన ఈ పద్ధతి 16 రకాల పరిస్థితులు ఊహించుకుని, ఒక్కోదానిలో ప్రతి ఆప్షన్ ధరనూ తిరిగి కట్టి, అన్నిటికంటే చెడ్డ నష్టాన్ని చూస్తుంది. మామూలు పుట్, కాల్ ఆప్షన్లకు ఈ పని కంప్యూటర్‌కు కన్నుమూసి తెరిచేంత. ఒక్కో ధర కట్టడానికే వేల ఊహా ప్రయాణాలు నడపాల్సిన చిక్కు ఒప్పందాల దగ్గరే డెల్టా-గామాకు ఇప్పటికీ నిజమైన అవసరం ఉంది.

చేతిలో డెల్టా-గామా సంఖ్య మాత్రమే ఉంటే దాన్ని పరీక్షించడానికి నేను చేసే పని ఒకటుంది. కదలికను అటువైపు కూడా నడిపి చూస్తాను. నిఫ్టీ 1,379 పాయింట్లు పెరిగితే మన 23,250 పుట్ ఏమవాలి? దాని 203 రూపాయలూ ఆవిరై దాదాపు సున్నా కావాలి. సూత్రం మాత్రం పుట్ ధర 50 రూపాయలు పెరుగుతుందంటుంది. సుమారు 640 పాయింట్ల పెరుగుదల దాటాక ఆ వక్రరేఖ అడుగు తగిలి, మళ్లీ పైకి లేవడం మొదలవుతుంది. ఆ మలుపు ఎక్కడుందో డెల్టాను గామాతో భాగిస్తే తెలిసిపోతుంది. మన కదలిక ఆ సంఖ్య దగ్గరికి వస్తోందంటే సూత్రాన్ని పక్కనపెట్టి ధర మళ్లీ కట్టాల్సిందే.

మళ్లీ కట్టేటప్పుడు కూడా అందులో పెట్టే సంఖ్యలు చూసుకోవాలి. ఇంతవరకు గడువునూ వొలటిలిటీనీ కదపకుండా ఉంచాను, తప్పు ఎక్కడ పుడుతోందో విడిగా కనిపించాలని. నిజానికి అలాంటి రోజున భయం పెరిగి వొలటిలిటీ కూడా ఎగబాకుతుంది. 25 బదులు 35 శాతం పెట్టి అదే 21,884 దగ్గర ధరలు కడితే, కొన్న పుట్ ఏడు రూపాయలే పెరుగుతుంది, అమ్మిన పుట్‌లు ఒక్కోటి 47 రూపాయలు పెరుగుతాయి. 90 రూపాయల నష్టం 177 అవుతుంది.