రెండోసారి మోగితేనే అర్జెంట్!

మొన్న మార్చిలో ఓ బుధవారం ఉదయం. ఆఫీసులో కూర్చుని రిఫండ్ కోడ్‌లో చిన్న మార్పు చేస్తున్నా. ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు వెనక్కి వెళ్లకుండా ఒక చెక్ పెట్టాలి. ఇంతలో ఫోన్ ‘టింగ్’ మంది. చూస్తే ఫ్యామిలీ గ్రూప్‌లో బాబాయ్ పెట్టిన గుడ్‌మార్నింగ్ ఫొటో. ఐదు సెకన్లు కూడా పట్టలేదు. తిరిగొచ్చి, చెక్ పెట్టేశాననుకుని తర్వాతి పనిలోకి వెళ్లిపోయా. రెండు రోజుల తర్వాత తెలిసింది, 14 మందికి రిఫండ్ రెండేసిసార్లు వెళ్లిందని.

టీమ్ లీడ్ తిట్టలేదు. ‘‘అసలేమైంది?’’ అని మాత్రం అడిగాడు. గుడ్‌మార్నింగ్ ఫొటో అని ఎలా చెప్పను?

చూడకపోయినా నష్టమే

అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ఒక విషయం బయటపెట్టారు. శ్రద్ధ పెట్టి చేయాల్సిన పనిలో ఉన్నవాళ్లకి ఫోన్ మోగితే చాలట, దాన్ని ముట్టుకోకపోయినా తప్పులు పెరుగుతాయి. ‘ఎవరై ఉంటారు?’ అన్న ఆలోచన మొదలైపోతుంది కదా! అంతకుముందు 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ఇంకో సంగతి చెప్పారు. ఒక పనిని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే, మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఆగిపోతుంది. నా బుధవారం కథ అదే.

మరి ఫోన్ ఆఫ్ చేసేయొచ్చుగా అంటారా? అక్కడే నా అసలు సమస్య. పోయినేడాది నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు. ఊళ్లో ఆయనా, అమ్మా ఇద్దరే ఉంటారు. ఫోన్ ఎత్తకపోతే అమ్మకి కంగారు, మోగకపోతే నాకు కంగారు.

దారి ఇలా దొరికింది

ఆండ్రాయిడ్‌లో Do Not Disturb ఆన్ చేసి, కాల్స్ విషయంలో రెండు మినహాయింపులు పెట్టా. ఒకటి Starred contacts: అమ్మ, నాన్న నంబర్లకి స్టార్ పెడితే వాళ్ల కాల్ మాత్రం మోగుతుంది. రెండోది Repeat callers: ఎవరైనా సరే 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. ఐఫోన్‌లో ఈ గడువు 3 నిమిషాలు. ఈ రెండోది ఎందుకంటే, నిజంగా ఏదైనా జరిగితే ఫోన్ పక్కింటివాళ్ల నుంచి రావచ్చు. వాళ్ల నంబర్‌కి స్టార్ ఉండదు కదా!

అమ్మకి చెప్పా: ‘‘అమ్మా, వేరేవాళ్ల ఫోన్‌ నుంచి చేయాల్సొస్తే, నేను ఎత్తకపోయినా వెంటనే ఇంకోసారి చెయ్యి.’’

‘‘సరే గానీ, ముందు ఒకసారి చేసి చూద్దాం రా,’’ అంది. పక్కింటి అత్తయ్య ఫోన్‌ నుంచి చేయించింది. మొదటిసారి మోగలేదు, రెండోసారి మోగింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ స్థిమితం. మీరూ సెట్టింగ్ పెట్టి వదిలేయకండి, ఇలా పరీక్షించుకోండి.

ఆ తర్వాత ఫోన్‌ని బల్ల మీంచి తీసి, నాలుగడుగుల దూరంలో ఉన్న అల్మారాలో పెట్టా. లేచి వెళ్లాల్సొస్తే చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోదు. కానీ మొదటిరోజే ఒక పొరపాటు దొరికింది. ఫోన్ సైలెంట్‌గానే ఉంది, లాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ మాత్రం మూలన పాపప్‌లు చూపిస్తూనే ఉంది! ఆ ట్యాబ్ మూసేశా.

50 నిమిషాలు, ఒక కాగితం

ఉదయం 10 నుంచి 12 మధ్య 50 నిమిషాల బ్లాక్‌లు రెండు, మధ్యలో 10 నిమిషాల విరామం. మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒకే వాక్యం రాస్తా: ‘రిఫండ్ చెక్ పెట్టి, ఒకే ఆర్డర్‌ని రెండుసార్లు పంపి చూడాలి.’ ఎవరైనా వచ్చి పిలిస్తే, లేచే ముందు ‘ఇక్కడిదాకా అయింది, తర్వాత ఇది’ అని ఒక లైన్ రాస్తా. తిరిగొచ్చాక గుర్తు తెచ్చుకునే పని ఉండదు. బుధవారం ఆ లైన్ రాసి ఉంటే, ఆ 14 రిఫండ్లు వెళ్లేవి కావు.

ఫోన్ చూడాలనిపించిన ప్రతిసారీ అదే కాగితం మీద ఒక గీత గీస్తా. మొదటిరోజు 11 గీతలు. రెండో వారం చివరికి మూడో, నాలుగో. పద్ధతి పనిచేస్తోందా లేదా అన్నది ఆ గీతలే చెప్తాయి.

దెబ్బతిన్నది విరామంలో. కుర్చీలో వాలి రీల్స్ తెరిస్తే పది నిమిషాలు నలభై అయ్యాయి. ఇప్పుడు అల్మారా దగ్గరే నిలబడి మెసేజ్‌లు చూసి, ఫోన్ అక్కడే పెట్టేస్తున్నా. నిలబడి రీల్స్ ఎంతసేపని చూస్తాం?

ఆన్‌కాల్ డ్యూటీ ఉన్న వారం మాత్రం ఇదంతా కుదరదు. ఎప్పుడు ఎలర్ట్ వస్తుందో తెలియదు కాబట్టి, ఆ వారం చిక్కు కోడ్ జోలికే వెళ్లను, చిన్న పనులే పెట్టుకుంటా.

బాబాయ్ గుడ్‌మార్నింగ్‌లు ఇప్పటికీ వస్తున్నాయి. పన్నెండింటికి చూసి నమస్కారం పెడుతున్నా. ఆయనకేం తేడా తెలియలేదు.