చర్చంతా ఉంది... పనెవరిది?

మేడ్చల్ హైవే పక్కనో, శామీర్‌పేట రోడ్డులోనో ఉన్న అపార్ట్‌మెంట్లలో నెలకో, రెండు నెలలకో ఓ ఆదివారం సెల్లార్లో కుర్చీలు పడతాయి. బోరు, ట్యాంకర్లు, లిఫ్టు, వాచ్‌మన్ జీతం... గంటన్నర చర్చ. కార్యదర్శి తలెత్తకుండా పుస్తకంలో రాస్తూనే ఉంటారు. నెల తర్వాత ఆ పుస్తకం తెరిస్తే ఎవరేమన్నారో అంతా ఉంటుంది. బోరు మెకానిక్‌కి ఫోన్ చేయాల్సింది ఎవరో మాత్రం ఉండదు!

ఉదాహరణకి మార్చి 8న ఓ అరవై ఫ్లాట్ల సంఘం సమావేశమైందనుకుందాం. రెండో బోరులో నీళ్లు తగ్గాయి. పుస్తకంలో ఇలా ఉంది: ‘204 ఆయన మాట్లాడుతూ ట్యాంకర్లు సమయానికి రావడం లేదన్నారు. 301 ఆమె కొత్త బోరు వేద్దామన్నారు. డబ్బులెక్కడివని 105 ఆయన అడిగారు. ముందు ఉన్న బోరును ఫ్లషింగ్ చేయించి చూద్దామని అధ్యక్షులు అన్నారు. అందరూ సరేనన్నారు.’

చదవడానికి బాగానే ఉంది. కానీ ‘చూద్దాం’ అంటే నిర్ణయమా, సలహానా? ఫ్లషింగ్‌కి ఎంత వరకూ ఖర్చు పెట్టొచ్చు? ఎప్పటిలోగా? ‘అందరూ’ సరేనన్నారు కాబట్టి ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చూసుకుంటారని ఊరుకుంటారు. ఏప్రిల్లో మళ్లీ అదే చర్చ మొదట్నుంచీ!

అదే విషయాన్ని ఇలా రాయొచ్చు: ‘రెండో బోరులో నీళ్లు తగ్గినందున ఫ్లషింగ్ చేయించాలని తీర్మానం. ఖర్చు రూ.15,000 మించరాదు. బాధ్యత: కోశాధికారి. గడువు: మార్చి 22. కొత్త బోరు విషయం ఫ్లషింగ్ ఫలితం చూశాక ఏప్రిల్ 12 సమావేశంలో. ఈలోగా వాల్టా చట్టం కింద అనుమతికి ఏమేం కావాలో కనుక్కోవాల్సింది కార్యదర్శి, ఏప్రిల్ 5లోగా.’

ఎవరేమన్నారన్నది పోయింది. ఎందుకు నిర్ణయించారన్నది మాత్రం ఒక్క ముక్కలో నిలిచింది. అది ఉండాలి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత వచ్చిన కొత్త కమిటీకి ఆ పదిహేను వేలు ఎందుకు పెట్టారో అర్థం కాదు. బాధ్యత దగ్గర ఒక్కరే ఉండాలి. సాయానికి ఎంతమందైనా ఉండొచ్చు, జవాబు చెప్పేది మాత్రం ఒకరే. ‘త్వరలో’ అనేది గడువు కాదు, తేదీ వేయాల్సిందే. ఇంకోమాట... సమావేశానికి రాని మనిషి మీద పని పెడితే, ముందు ఆయన ఒప్పుకున్నాకే పేరు రాయాలి.

‘మరి నేనన్నది రాయలేదేం?’ అని గొడవపడేవాళ్లూ ఉంటారు. 2013 కంపెనీల చట్టం కూడా మినిట్స్‌లో కోరేది సమావేశం సారాంశాన్నే. పరువునష్టం కలిగించేవీ, విషయానికి సంబంధంలేనివీ చేర్చకుండా వదిలేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది. ఆ చట్టం అపార్ట్‌మెంట్ సంఘాలకి వర్తించదు గానీ, పద్ధతి మాత్రం పనికొస్తుంది. ‘నేను ఈ తీర్మానానికి వ్యతిరేకం, అది రాయండి’ అని ఎవరైనా అడిగితే మాత్రం తప్పక రాయాలి. ఓటింగ్ జరిగితే అటెందరు, ఇటెందరు అన్నదీ అంతే. ఒకవేళ పని ఇవ్వబోయేది కమిటీ సభ్యుడి బంధువుకైతే ఆ సంగతీ పుస్తకంలోకి ఎక్కాలి. రేపు లెక్కల దగ్గర అనుమానాలు వచ్చేది అక్కడే.

ఇంతకీ మాటలు అన్నీ వినిపిస్తుంటే అందులోంచి నిర్ణయాన్ని పట్టుకోవడం ఎలా? చర్చ నడుస్తున్నప్పుడు కలం పక్కన పెట్టి వినడమే మేలు. అంశం ముగియగానే, తర్వాతదానికి వెళ్లకముందే, ‘ఫ్లషింగ్, పదిహేను వేలలోపు, కోశాధికారి, మార్చి 22... ఇంతేగా?’ అని పైకి చదవాలి. అభ్యంతరాలన్నీ అప్పుడే బయటపడతాయి. ‘నేనా? నేను ఊళ్లో ఉండను కదా’ అని కోశాధికారి అనేది కూడా అప్పుడే! ఎవరూ మాట్లాడకపోతే రాసుకోవాలి. ఏమీ తేలకపోతే ‘నిర్ణయం జరగలేదు, ఫలానా తేదీకి వాయిదా’ అనే రాయాలి తప్ప తేలినట్టు రాయకూడదు. శుభ్రమైన ప్రతి మర్నాటికల్లా సిద్ధమైతే మంచిది. వారం దాటితే జ్ఞాపకానికి ఊహ తోడవుతుంది.

మహిళా సంఘాల్లో ఈ పుస్తకం విలువ బాగా తెలుసు. బ్యాంకు రుణానికి వెళ్లాలంటే సభ్యుల సంతకాలతో తీర్మానం కాపీ ఉండాలి కదా! అపార్ట్‌మెంట్ సంఘానికి కూడా బ్యాంకు ఖాతాలో సంతకందార్లు మారినప్పుడు అదే అవసరం పడుతుంది. అందుకే తప్పు దొర్లితే వైట్‌నర్ పూయకూడదు. పాత మాట కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన దిద్ది సంతకం చేయాలి. పేజీల మధ్య ఖాళీలు వదలకూడదు.

తర్వాతి సమావేశం ఈ పేజీతోనే మొదలుకావాలి. ఏప్రిల్ 12న ముందుగా మార్చి 8 మినిట్స్ చదివి, సరిగ్గా ఉన్నాయనుకుంటే అధ్యక్షులు సంతకం చేస్తారు. తర్వాత ఒక్కో పని ఎంతవరకొచ్చిందో అడుగుతారు. ఫ్లషింగ్ కాలేదనుకోండి... మార్చి 22ను కొట్టేసి కొత్త తేదీ వేసేయడం చాలాచోట్ల జరిగేదే. అలా చేయొద్దు. పాత తేదీ అలాగే ఉంచి, పక్కన ‘మెకానిక్ రాలేదు, ఏప్రిల్ 19కి మార్పు’ అని రాయాలి. ఒకే పని పక్కన మూడు తేదీలు కనిపిస్తే, ఆ బాధ్యత మరొకరికి ఇవ్వాలో, అసలు ఆ పనే మానుకోవాలో కమిటీకి తెలిసిపోతుంది.